నాలుగో సంవత్సరం రాయల్టీలో పాత లోటును ప్రచురణకర్త ఎంతవరకు మినహాయించుకోవచ్చు?

ఎంవీపీ లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో పోటీ పరీక్షలకు అంకగణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నేను రాసిన అంకగణితం పుస్తకాన్ని 2021 ఏప్రిల్ నుంచి ఒక ప్రచురణ సంస్థ వేస్తున్నది. పుస్తకం ధర 300 రూపాయలు, అమ్ముడైన ప్రతికీ ధరలో పది శాతం, అంటే 30 రూపాయలు, నాకు రాయల్టీ. అమ్మకం ఎంత తగ్గినా సంవత్సరానికి 60,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలన్నది రెండో షరతు. దానినే ఒప్పందంలో "కనీస అద్దె" అని రాశారు. మూడో షరతును ఉన్నదున్నట్లుగా ఇక్కడ రాస్తున్నాను: "ఏ సంవత్సరంలోనైనా రాయల్టీ కనీస అద్దెకు తగ్గినచో, ఆ తగ్గిన మొత్తమును తరువాతి రెండు సంవత్సరములలో, కనీస అద్దెను మించిన రాయల్టీ నుండి ప్రచురణకర్త రాబట్టుకొనవచ్చును."

వారు పంపిన లెక్కల ప్రకారం 2021-22లో 1,200 ప్రతులు, 2022-23లో 1,500, 2023-24లో 2,400 అమ్ముడయ్యాయి. 2024-25 లెక్క మొన్న వచ్చింది. అందులో అమ్మకం 2,900, వాపసు 200, నికరం 2,700 అని ఉంది. దాని ప్రకారం రాయల్టీ 81,000 కావాలి. కానీ దాని కిందనే "పాత లోటు నిల్వ 27,000, ఇప్పుడు మినహాయించినది 21,000, ముందుకు తెచ్చినది 6,000" అని ఒకే వరుసలో రాసి, నాకు చెల్లించవలసినది 60,000 అని తేల్చారు. అందులోనుంచి టీడీఎస్ 8,100 తీసివేసి, 51,900 బ్యాంకులో వేశారు.

నాలుగేళ్లలో ఎక్కువ పుస్తకాలు అమ్ముడైన సంవత్సరంలోనే నాకు అన్నిటికంటే తక్కువ డబ్బు చేతికి వచ్చింది. లెక్కలు చెప్పే వాణ్ణే అయినా పద్దుల పద్ధతి నాకు తెలియదు. ఇందులో తప్పు ఉన్నదో, నా అవగాహనలోనే లోపం ఉన్నదో దయచేసి చెప్పండి.

క్వారీ లెక్కలు

మాస్టారూ, నేను పాతికేళ్లుగా గ్రానైట్ క్వారీల దగ్గర లెక్కలు రాస్తున్నాను. కనీస అద్దె అన్న మాట అసలు మా గనుల లీజుల నుంచి వచ్చిందే. మేము దానిని డెడ్ రెంట్ అంటాము. మా క్వారీల్లో లీజు తీసుకున్నవాడు డెడ్ రెంట్, రాయల్టీ ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ప్రభుత్వానికి కట్టాలి. ఒక ఏడాది రాయి తక్కువ తీసి డెడ్ రెంట్ కట్టినవాడు, మరుసటి ఏడాది ఎక్కువ రాయి తీశాను కాబట్టి పాతది తగ్గించండి అని అడగలేడు. అందుచేత మీ ప్రచురణకర్త ఒక్క రూపాయి కూడా మినహాయించకూడదు. మీకు మొత్తం 81,000 రావాలి.

సాగరతీర రచయిత్రి

నా విషయంలోనూ ఇలాగే జరిగింది మాస్టారూ. నా నవలకు ముందుగా 40,000 ఇచ్చి, తరువాత మూడేళ్లపాటు రాయల్టీ ఏమీ ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "ముందు ఇచ్చినది ఇంకా తీరలేదు" అనేవారు. ఎన్ని ప్రతులు అమ్మారో చూపించే కాగితం కూడా ఇవ్వలేదు. మీకు కనీసం లెక్క పంపుతున్నారు. ఇచ్చిన డబ్బు తీరేదాకా కోసుకోవడం వారి హక్కేనని మాకు తెలిసిన వకీలు గారు చెప్పారు. కాబట్టి మీ 21,000 కోత కూడా సరైనదేనేమో అనిపిస్తున్నది.

పాత పద్దుల పుస్తకం

మాస్టారికి నమస్కారం. నేను ఒక ప్రచురణ సంస్థలో ముప్పై ఏళ్లు పద్దులు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రచయితల రాయల్టీ లెక్కలు ఏటా మార్చి నెలాఖరులో నా చేతి మీదుగానే వెళ్లేవి. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా పై రెండు అభిప్రాయాల గురించి చెప్పాలి. క్వారీ లెక్కల వారు చెప్పింది ప్రభుత్వ గనుల విషయంలో నిజమే, అందులోని ఒక సూత్రం ఇక్కడ కూడా పనికివస్తుంది. లోటును రాబట్టుకునే హక్కు దానంతట అది పుట్టదు, ఒప్పందంలో రాసుకుంటేనే ఉంటుంది. మాస్టారి ఒప్పందంలో మూడో షరతు లేకపోయి ఉంటే 81,000 మొత్తం వారికి రావలసిందే. కానీ ఆ షరతు ఉన్నది కాబట్టి, అది ఇచ్చినంత మేరకు ప్రచురణకర్తకు హక్కు ఉన్నది. రచయిత్రి గారిది అడ్వాన్సు, అది వేరే పద్ధతి. అడ్వాన్సు తీరేదాకా మొదటి ప్రతి మీద వచ్చే రాయల్టీ నుంచి కూడా కోసుకుంటారు. కనీస అద్దె ఉన్నచోట ఆ 60,000 జోలికి వెళ్లడానికి వీలులేదు. ఆ గీతకు పైన ఉన్న మిగులు నుంచే, అదీ గడువు లోపలే, రాబట్టుకోవాలి. మాస్టారి సమస్య అంతా ఆ గడువులోనే ఉన్నది.

ఇప్పుడు సంవత్సరం వారీగా చూద్దాం. 2021-22లో 1,200 ప్రతులకు రాయల్టీ 36,000. మీకు 60,000 ఇచ్చారు కాబట్టి 24,000 లోటు. మేము దీనిని షార్ట్ వర్కింగ్స్ అని రాసేవాళ్లం. 2022-23లో రాయల్టీ 45,000, లోటు 15,000. ఈ రెండూ ఒక్క ముద్దగా 39,000 కాదు. మొదటి లోటును 2024 మార్చి 31 లోపల రాబట్టుకోవాలి, రెండో దానిని 2025 మార్చి 31 లోపల రాబట్టుకోవాలి. "ఆ తగ్గిన మొత్తమును తరువాతి రెండు సంవత్సరములలో" అన్న మాటకు అర్థం ఇదే, ఏ ఏటి లోటుకు ఆ ఏటి నుంచే గడువు నడుస్తుంది.

2023-24లో రాయల్టీ 72,000, మిగులు 12,000. ఆ 12,000ను మొదటి సంవత్సరపు లోటు కింద రాబట్టుకొని మీకు 60,000 ఇచ్చారు, అది సరైనదే. అయితే మొదటి ఏటి లోటులో ఇంకా 12,000 మిగిలింది, ఆ రోజుతో దాని గడువు కూడా ముగిసింది. అది మురిగిపోయినట్లే. పద్దుల్లో ఆ 12,000ను షార్ట్ వర్కింగ్స్ ఖాతాలోనుంచి తీసి లాభనష్టాల ఖాతాకు నష్టంగా రాసేయాలి. మీ ప్రచురణకర్త ఆ పద్దు రాయలేదు, అందుకే 2024-25లో పాత లోటు నిల్వ 15,000 ఉండవలసినచోట 27,000 కనిపిస్తున్నది. పన్నెండు వేల తేడా అక్కడినుంచే వచ్చింది.

2024-25లో మిగులు 21,000. అందులో రెండో ఏటి లోటు 15,000 రాబట్టుకోవచ్చు. అక్కడితో వారి హక్కు తీరిపోయింది. మీకు రావలసినది 66,000. వారు 60,000 లెక్కగట్టారు కాబట్టి 6,000 తక్కువ ఇచ్చారు. ముందుకు తెచ్చామన్న 6,000కు కూడా ఏ ఆధారమూ లేదు. దానిని ఇప్పుడే కొట్టివేయించకపోతే వచ్చే ఏడాది లెక్కలో మళ్లీ కోస్తారు.

ఇది మోసమని నేను అనను. లోటును ఒకే అంకెగా మోసుకుపోయే పట్టికలో ఈ తప్పు తప్పకుండా దొర్లుతుంది. నేను లోటు పుట్టిన ప్రతి సంవత్సరానికీ ఒక గడి, దాని పక్కన గడువు తేదీకి ఇంకో గడి పెట్టుకునేవాణ్ణి. మీకు వచ్చిన కాగితంలో "పాత లోటు నిల్వ" అని ఒకే వరుస కనిపించగానే నాకు అనుమానం వచ్చింది.

మద్దిలపాలెం సీఏ విద్యార్థిని

పద్దుల మాస్టారూ, నాకు ఒక సందేహం ఉందండీ. 2023-24 మిగులు 12,000ను మొదటి ఏటి లోటుకు కాకుండా రెండో ఏటి లోటుకు వేస్తే ఏమవుతుంది? అప్పుడు మొదటి ఏటి 24,000 మొత్తం మురిగిపోతుంది, రెండో ఏటి లోటులో 3,000 మాత్రమే మిగులుతుంది. నాలుగో ఏట లెక్కల మాస్టారికి 78,000 వస్తుంది. ఒప్పందంలో ఏ లోటును ముందు తీర్చాలో రాయలేదు కదా, రచయిత ఈ విధంగా అడగవచ్చా?

మరో మాట. టీడీఎస్ 8,100 అంటే 81,000 మీద పది శాతం. లెక్కల మాస్టారికి ఇచ్చినది 60,000 అయినప్పుడు 81,000 మీద ఎలా కోశారు?

పాత పద్దుల పుస్తకం

అమ్మా, మొదటి ప్రశ్న మంచిదే, లెక్క కూడా సరిగానే వేశారు. కానీ నేనైతే ఆ వాదన పెట్టమని మాస్టారికి చెప్పను. ముందు మురిగిపోబోయే దానిని ముందు తీర్చుకోవడం పద్దుల్లో అందరూ పాటించే వరుస. రాబట్టుకునే హక్కు ప్రచురణకర్తది కాబట్టి, వారికి అనుకూలమైన వరుసను వారు ఎంచుకోవడంలో తప్పు పట్టలేము. నిలబడని 12,000 అడిగితే నిలబడే 6,000 మీద కూడా వారికి అనుమానం కలుగుతుంది.

టీడీఎస్ సంగతి నేను గమనించకుండా దాటిపోయాను, మీరు పట్టుకున్నందుకు సంతోషం. మాస్టారూ, మొదటి మూడేళ్లలో టీడీఎస్ ఎంత కోశారో దయచేసి చూడండి. ఏటా 6,000 అయితే, వారు 60,000నే మీ ఆదాయంగా లెక్కవేసి పన్ను కోశారన్న మాట. ఇప్పుడు రాబట్టుకుంటున్న 15,000 రెండో ఏట మీకు ఇచ్చిన 60,000లోనే ఉన్నది, దాని మీద పన్ను అప్పుడే కోశారు. కాబట్టి ఈ ఏడాది 66,000 మీద 6,600 మాత్రమే కోయాలని నా అభిప్రాయం. 81,000 మీద కోస్తే మీ పేరున కోసిన పన్ను వివరాలు చూపే 26ఏఎస్‌లో నాలుగేళ్ల రాయల్టీ 2,61,000గా కనిపిస్తుంది, మీకు న్యాయంగా వచ్చే మొత్తం 2,46,000. ఎక్కువ కోసిన 1,500 ప్రభుత్వం దగ్గర మీ పాన్ మీదనే ఉంటుంది కాబట్టి డబ్బు పోదు, కానీ ఆదాయం అంకె సరిపోలక రిటర్న్ వేసేటప్పుడు ఇబ్బంది వస్తుంది. వారి చేత టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరింపజేయడం మంచిది.

ఎంవీపీ లెక్కల మాస్టారు

పద్దుల మాస్టారికి, సీఏ చదువుతున్న అమ్మాయికి చాలా కృతజ్ఞతలు. పాత కాగితాలన్నీ తీసి చూశాను. మూడేళ్లూ 6,000 చొప్పుననే టీడీఎస్ కోశారు. 2023-24 కాగితంలో "పాత లోటు నిల్వ 39,000, మినహాయించినది 12,000, ముందుకు తెచ్చినది 27,000" అని ఉన్నది. అప్పుడు నాకు 60,000 వచ్చింది కదా అని చదవకుండా బీరువాలో పెట్టేశాను. ఆ కాగితం వచ్చిన రోజునే ఆ 27,000 అంకెను అడిగి ఉండవలసింది.

క్వారీ లెక్కలు

పద్దుల వారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఒప్పందంలో రాసుకున్నప్పుడు మా గనుల లెక్క ఇక్కడ వర్తించదు. అయినా లోటు రాబట్టుకునే షరతుకు ఒప్పుకొని సంతకం చేయడం రచయితకు న్యాయం కాదన్న నా అభిప్రాయం మారలేదు. పుస్తకం అమ్ముడుపోని ఏడాది నష్టాన్ని వ్యాపారం చేసేవారే భరించాలి.

పూర్ణా మార్కెట్ పుస్తకాల షాపు

మాస్టారూ, వాపసు 200 ప్రతుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు పద్దులు తెలియవు, షాపు సంగతి తెలుసు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబర్‌లో వచ్చింది, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. ఆ రెండున్నర నెలల్లో అంకగణితం పుస్తకాలకు విపరీతమైన గిరాకీ ఉండేది. ప్రచురణకర్తలు అడిగినదానికంటే ఎక్కువ కట్టలు దింపేవారు. పరీక్ష అయిన మరునాటి నుంచి ఆ పుస్తకం అడిగేవారు తగ్గిపోయారు. నేను మిగిలిన కట్టలను ఏప్రిల్, మే నెలల్లో తిప్పి పంపాను, చాలా షాపులు అదే పని చేస్తాయి. అంటే మీ 2024-25 లెక్కలో కనిపిస్తున్న 200 వాపసు ప్రతులు చాలావరకు 2023-24లో "అమ్మకం" కింద చూపినవే అయి ఉండాలి. ఎలాగూ వాపసు వచ్చినవే కాబట్టి ఏ ఏడాదిలో తీసివేసినా మీకు తేడా ఉండకపోవచ్చు, ఊరికే చెబుతున్నాను.

పాత పద్దుల పుస్తకం

షాపు వారు చాలా ముఖ్యమైన సంగతి చెప్పారు, కానీ తేడా ఉండదన్నది మాత్రం సరికాదు. మామూలుగా అయితే ఈ ఏడాది తీసినా ఆ ఏడాది తీసినా మొత్తం ఒకటే. లోటుకు గడువు ఉన్నప్పుడు అలా కాదు.

ఆ 200 ప్రతులు నిజంగా 2023-24లో అమ్ముడు కాలేదని అనుకుందాం. అప్పుడు ఆ ఏటి అమ్మకం 2,200, రాయల్టీ 66,000, మిగులు 6,000 మాత్రమే. మొదటి ఏటి లోటులో 6,000 మాత్రమే తీరి, 18,000 మురిగిపోతుంది. ఆ ఏడాది మీకు వచ్చేది మాత్రం 60,000గానే ఉంటుంది. 2024-25లో వాపసు తీసివేయనక్కరలేదు, 2,900 ప్రతులకు 87,000. అందులో రెండో ఏటి లోటు 15,000 పోను 72,000 రావాలి. అంటే 66,000 కాదు, ఇంకా 6,000 ఎక్కువ. గడువు ముగిసే సంవత్సరంలో అమ్మకం పెరిగినట్లు కనిపించడం వల్ల, మురిగిపోవలసిన లోటు బతికిపోయింది.

అయితే ఏది సరైనదన్నది ఆ ప్రతులు షాపులకు ఏ విధంగా వెళ్లాయన్న దాని మీద ఆధారపడుతుంది. 1930 వస్తువుల అమ్మకపు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, అమ్ముడుపోకపోతే వాపసు అన్న షరతు మీద ఇచ్చిన సరుకు, పుచ్చుకున్నవాడు ఒప్పుకునేదాకా లేదా గడువు దాటేదాకా అమ్మినట్లు కాదు. అలా చలానా మీద పంపిన ప్రతులను మార్చి 31న అమ్మకంలో చేర్చకూడదు, గోడౌన్ సరుకు లాగానే నిల్వలో చూపాలి. అదే బిల్లు వేసి అమ్మేసి, తరువాత మంచితనం కొద్దీ వెనక్కి తీసుకుంటే మాత్రం అది 2023-24 అమ్మకమే, వాపసు 2024-25లోనే పడుతుంది. కాబట్టి ఆ 200 ప్రతులకు చలానాలు ఉన్నాయా బిల్లులు ఉన్నాయా అని అడగండి. మాట మీద వదిలేయకుండా, 2024 మార్చి 31 నాటి స్టాకు రిజిస్టరు కూడా చూపించమనండి. అచ్చువేసినవాటిలోనుంచి గోడౌన్‌లో ఉన్నవీ, ఉచితంగా ఇచ్చినవీ, పాడైనవీ తీసివేస్తే ఎన్ని బయటికి వెళ్లాయో తేలుతుంది.

పూర్ణా మార్కెట్ పుస్తకాల షాపు

మాకు బిల్లే వేస్తారండి. కానీ వాపసు తీసుకుంటామన్న మాట మీదనే కట్టలు దించుకుంటాము, లేకపోతే ఎవరూ అన్ని తీసుకోరు. అది కాగితం మీద ఎక్కడా ఉండదు. దానిని ఏమనాలో నాకు తెలియదు.

ఎంవీపీ లెక్కల మాస్టారు

రెండు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. పద్దుల మాస్టారు వేసిన లెక్కను సంవత్సరం వారీగా ఒక కాగితం మీద రాసుకొని, ప్రచురణకర్త కార్యాలయానికి స్వయంగా వెళ్లాను. వారి అకౌంటెంటు కాగితం చూసి, 2024 మార్చి 31 నాటి 12,000 గడువు ముగిసినదని పది నిమిషాల్లోనే ఒప్పుకున్నారు. తక్కువ పడిన 6,000 ఇచ్చేశారు, ముందుకు తెచ్చిన 6,000ను నా ముందే ఎర్ర సిరాతో కొట్టివేసి సంతకం చేశారు. అప్పటికే 8,100 పన్ను కట్టినందున ఈ 6,000 మీద మళ్లీ కోయలేదు. టీడీఎస్ సవరణ వేస్తామన్నారు, ఇంకా నా 26ఏఎస్‌లో మారలేదు.

వాపసు దగ్గర మాత్రం మాట కుదరలేదు. పుస్తకాలు చూపించారు. 200 ప్రతులలో 120 చలానా మీద వెళ్లినవి, 80 బిల్లు మీద వెళ్లినవి. నా లెక్క ప్రకారం ఆ 120 ప్రతులను 2023-24 నుంచి తీసివేస్తే, నాకు 66,000 బదులు 69,600 రావాలి, అంటే ఇంకా 3,600. వారు మాత్రం 2023-24 లెక్క మీద నేను సంతకం చేసి డబ్బు పుచ్చుకున్నాను కాబట్టి ఆ సంవత్సరం ముగిసిపోయిందని అంటున్నారు. నేను సంతకం చేసిన మాట నిజమే. దాని వల్ల నా హక్కు పోయినట్లేనా?

పాత పద్దుల పుస్తకం

ఆ సంతకం కింద ఏమని రాసి ఉన్నదో చూడండి మాస్టారూ. "పై మొత్తము ముట్టినది" అని ఉంటే అది డబ్బు ముట్టినందుకు రసీదు మాత్రమే. "లెక్క సరిచూచి అంగీకరించితిని" అని ఉంటే వాదన కష్టమవుతుంది. అలా ఉన్నా చలానా ప్రతులను అమ్మకంగా చూపిన విషయం మీకు అప్పుడు తెలియదు కాబట్టి, లెక్క తిరిగి తెరవమని అడగడం తప్పు కాదని నా నమ్మకం. ఇక్కడ వకీలు అభిప్రాయం నా అభిప్రాయంకంటే ఎక్కువ విలువైనది. 3,600 కోసం కోర్టుకు వెళ్లడం మాత్రం నేను సూచించను. మీ ఒప్పందం 2026లో కొత్తగా రాసుకునేటప్పుడు, చలానా ప్రతులు అమ్మకం కావనీ, లోటును పుట్టిన సంవత్సరం వారీగా విడివిడిగా చూపాలనీ రెండు వాక్యాలు చేర్పించండి.

ఎంవీపీ లెక్కల మాస్టారు

చూశానండీ. "పై మొత్తము ముట్టినది" అని మాత్రమే ఉన్నది. ఆ కాగితం నకలు జతచేసి 3,600కు ఈ రోజే ఉత్తరం రాస్తున్నాను. జవాబు వచ్చాక ఇక్కడే తెలియజేస్తాను.